పది రూపాయల యూనిట్ చవక కాదు, ఎనిమిది వందల యూనిట్ ఖరీదు కాదు

 

పోయిన వారం మాచర్ల వైపు తండా నుంచి ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. నెలనెలా కొంచెం కొంచెం వేసుకుంటూ ఒక మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టాడు. ఇప్పుడు దాని విలువ 48,000 రూపాయలు. వాళ్ల ఇంట్లో భూమి కాగితం, బంగారం కాకుండా మిగిలిన మొదటి పొదుపు అదే. అతని ఖాతా ఉన్న బ్యాంకులో ఒకాయన పిలిచి ఇట్టా చెప్పాడంట: "నీ ఫండ్ యూనిట్ రేటు 800 అయిపోయింది, ఇంక ఏం పెరుగుతుంది? కొత్త ఫండ్ వచ్చింది, యూనిట్ పది రూపాయలే. అది అమ్మేసి ఇందులో పెట్టు. అక్కడ నీకు 60 యూనిట్లే ఉన్నాయి, ఇక్కడ 4,800 వస్తాయి." తమ్ముడు ఫారం ఇంటికి తెచ్చుకున్నాడు. "అన్నా, సంతకం పెట్టమంటావా?" అని అడిగాడు.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మెసేజ్‌లో చెప్తే సరిపోదు కాబట్టి ఇక్కడ పెద్దగా రాస్తున్నా. ఇట్టాంటి మాట మన పిల్లల్లో ఇంకా చాలామంది విని ఉంటారు. కొత్త ఫండ్లన్నీ చెడ్డవని నేననడం లేదు. "పది రూపాయలే కాబట్టి చవక" అన్న కారణం మాత్రం పూర్తిగా తప్పు. ఆ రేటు ఎట్టా పుడుతుందో లెక్క ఒక్కసారి చేసి చూస్తే ఆ తప్పు ఎక్కడుందో ఎవరికైనా తెలుస్తుంది.

యూనిట్ రేటును ఎన్ఏవీ అంటారు. తెలుగులో నికర ఆస్తి విలువ. పేరు బరువుగా ఉంది గానీ, అది ఒక భాగహారం. ఫండ్ దగ్గర ఉన్నదంతా కలిపి, ఇవ్వాల్సిన బాకీలు తీసేసి, మిగిలినదాన్ని యూనిట్ల సంఖ్యతో భాగించాలి. అంతే.

మనమే ఒక చిన్న ఫండ్ పెట్టామనుకుందాం. ఇరవై మందిమి తలా 5,000 వేశాం. లక్ష రూపాయలు అయింది. యూనిట్ పది రూపాయలని మనమే అనుకున్నాం కాబట్టి మొత్తం 10,000 యూనిట్లు, ఒక్కొక్కరికి 500. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ "పది" అన్నది ఎక్కడి నుంచీ రాలేదు. మార్కెట్ చెప్పలేదు, ఎవరూ వేలం పాడలేదు. మనం వంద అనుకుని ఉంటే 1,000 యూనిట్లు అయ్యేవి, వెయ్యి అనుకుంటే 100 అయ్యేవి. పెట్టెలో ఉన్న డబ్బు మాత్రం అదే లక్ష.

ఆ డబ్బుతో కొన్ని కంపెనీల షేర్లు కొన్నాం, కొంచెం బ్యాంకులో ఉంచాం. ఏడాది తర్వాత ఒక సాయంత్రం లెక్క తీశాం. ఆ రోజు స్టాక్ ఎక్స్ఛేంజి ముగింపు ధరల ప్రకారం మన షేర్ల విలువ 1,26,000. బ్యాంకులో 4,200 ఉంది. ఒక కంపెనీ డివిడెండ్ ప్రకటించింది, ఇంకా చేతికి రాలేదు, అది 600. అంటే మొత్తం 1,30,800. మనం ఇవ్వాల్సినవి, అంటే ఫండ్ నడిపే వాళ్ల ఫీజు, ఆడిట్, రిజిస్ట్రార్ ఖర్చు కలిపి 800. అది తీసేస్తే మిగిలింది 1,30,000.

```
1,30,000 ÷ 10,000 యూనిట్లు = 13.00
```

ఆ రోజు ఎన్ఏవీ 13 రూపాయలు. నిజం ఫండ్‌లోనూ ప్రతి పనిదినం సాయంత్రం జరిగేది ఇదే. షేర్లు వందల కోట్లలో ఉంటాయి, లెక్క కంప్యూటర్ చేస్తుంది, ఆడిటర్లు, ట్రస్టీలు, సెబీ నియమాలు ఉంటాయి, అదొక్కటే తేడా. మార్కెట్ మూసిన తర్వాత లెక్క కట్టి రాత్రి 11 గంటల్లోపు ఆంఫీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. విదేశీ షేర్లు కొనే ఫండ్లకైతే ఇంకొంచెం టైం ఉంటుంది. మధ్యాహ్నం ఫోన్‌లో మనకు కనిపించే ఎన్ఏవీ నిన్నటిది. ఈక్విటీ ఫండ్‌లో మధ్యాహ్నం 3 గంటల్లోపు మన అర్జీతో పాటు డబ్బు కూడా ఫండ్‌కి చేరితే ఆ రోజు రాత్రి తేలే రేటు మనకు వర్తిస్తుంది. కాబట్టి కొనేటప్పుడు ఏ రేటుకి కొంటున్నామో మనకే తెలియదు. సంతలో బేరమాడినట్టు "తక్కువలో దొరికింది" అనడానికి ఇక్కడ చోటే లేదు.

ఖర్చు గురించి కూడా ఒక మాట. ఫండ్ ఏడాదికి 2 శాతం ఖర్చు తీసుకుంటుందనుకోండి. ఏడాది చివర ఒకేసారి తీసుకోరు. 1,30,000 మీద 2 శాతం అంటే 2,600, దాన్ని 365తో భాగిస్తే రోజుకు సుమారు 7 రూపాయలు. ఆ ఏడు రూపాయలు ప్రతి సాయంత్రం భాగహారానికి ముందే తీసేస్తారు. మనకు బిల్లు రాదు, మెసేజ్ రాదు. కనిపించే ఎన్ఏవీ ఖర్చులు పోగా మిగిలినది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు ఇరవై ఒకటో మనిషి వచ్చాడు. గురజాల నుంచి ఒక చెల్లి 2,600 తెచ్చింది. ఆమెకు ఎన్ని యూనిట్లు ఇవ్వాలి? రేటు 13 కాబట్టి 200. ఆమె డబ్బు కలిశాక మన ఆస్తి 1,32,600, యూనిట్లు 10,200. భాగించి చూడండి, మళ్లీ 13 వస్తుంది. ఆమె రావడం వల్ల పాతవాళ్లకు పైసా నష్టం లేదు, లాభమూ లేదు. ఆమెకూ అంతే.

"పాపం కొత్తగా వచ్చింది, ఆమెకు కూడా పది రూపాయలకే ఇద్దాం" అని ఎవరైనా జాలిపడ్డారనుకోండి. అప్పుడు 260 యూనిట్లు ఇవ్వాలి. మొత్తం 10,260 యూనిట్లు. 1,32,600ని దాంతో భాగిస్తే 12.92 వస్తుంది. ఆమె 2,600 పెట్టి మరుక్షణం సుమారు 3,360 విలువ చేతిలో పెట్టుకుంది. ఆ 760 ఎక్కడిది? పాత ఇరవై మంది జేబుల్లోంచి తలా 38 రూపాయలు పోయాయి. అందుకే పాత ఫండ్‌లోకి వచ్చేవాడు ఆ రోజు లెక్క ప్రకారమే రావాలి. 800 అంటే ఆ కంపెనీ ఆశపడి రేటు పెంచిందని కాదు. లోపల ఉన్నదాన్ని భాగిస్తే అంత వచ్చింది, ఒకరి డబ్బు ఇంకొకరికి పోకుండా ఆపేది అదే.

ఇక తమ్ముడి లెక్కకు వద్దాం. 48,000ని 800తో భాగిస్తే 60 యూనిట్లు. పదితో భాగిస్తే 4,800. బ్యాంకాయన చెప్పిన సంఖ్యలు నిజమే. రెండు ఫండ్లూ ఒకే షేర్లు, ఒకే నిష్పత్తిలో కొన్నాయనుకుందాం. ఆ షేర్లు 12 శాతం పెరిగాయి. పాత ఫండ్ ఎన్ఏవీ 800 నుంచి 896 అయింది, కొత్తది 10 నుంచి 11.20 అయింది.

```
60 × 896 = 53,760
4,800 × 11.20 = 53,760
```

అణా పైసలతో సహా ఒకటే. పాతది 96 రూపాయలు పెరిగింది, కొత్తది రూపాయి ఇరవై పైసలే పెరిగింది అని ఎవరైనా అనొచ్చు, అదీ తప్పే. యూనిట్ ఎంత పెరిగింది, యూనిట్లు ఎన్ని ఉన్నాయి అన్నవి రెండూ మనం వేరువేరుగా చూడాల్సినవి కావు. నా 48,000 ఎంత అయింది అన్నదే చూడాలి.

మన వైపు వాళ్లకు దీన్ని మిరగాయల్లో చెప్తే ఇంకా తేలిక. యార్డులో క్వింటా రేటు 13,000 అనుకుందాం. పక్కన కిరాణా కొట్టువాడు అదే సరుకు కిలో 130కి ఇస్తున్నాడు. "అక్కడ 13,000, ఇక్కడ 130, ఇదెంత చవకో" అని మన ఇంట్లో ఏ ఆడమనిషీ అనదు. నవ్వుతుంది. ఎందుకంటే క్వింటా ఏందో, కిలో ఏందో ఆమెకు తెలుసు. యూనిట్ అన్నది కూడా ఒక కొలతే. ఒక్కో ఫండ్ కొలత ఒక్కో సైజులో ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకుండా రేటు మాత్రం చెప్తారు, అందుకే మోసపోతాం.

"పది ఇరవై అవడం తేలిక, ఎనిమిది వందలు పదహారు వందలు అవడం కష్టం" అన్న మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. చెట్టు ఎత్తు చూసి, ఇంక ఎంత పెరుగుతుందిలే అన్నట్టు. కానీ ఎన్ఏవీకి పైకప్పు లేదు. పది ఇరవై కావాలంటే లోపలి షేర్ల విలువ రెండింతలు కావాలి, ఎనిమిది వందలు పదహారు వందలు కావాలన్నా అదే రెండింతలు. ఇప్పుడు హెచ్‌డీఎఫ్‌సీ ఫ్లెక్సీ క్యాప్ అని పిలిచే ఫండ్ 1995 జనవరిలో వేరే పేరుతో, పది రూపాయల యూనిట్‌తో మొదలైంది. తర్వాత దాని ఎన్ఏవీ వంద దాటింది, వెయ్యి కూడా దాటింది, దాటాక కూడా పెరుగుతూ పోయింది. వంద అయినప్పుడు "ఇంక అయిపోయింది" అని అమ్ముకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ ఫండ్ కొనమని నేను చెప్పడం లేదు, రేపు ఏమవుతుందో దాని మేనేజర్‌కి కూడా తెలియదు. పెద్ద సంఖ్య అడ్డుగోడ కాదని చెప్పడానికే దాని పేరు తెచ్చాను.

ఇంకో అపోహ ఐపీఓ నుంచి వస్తుంది. ఈ మధ్య మన కుర్రాళ్లు ఫోన్‌లో ఐపీఓలకు అప్లై చేస్తున్నారు కదా. అక్కడ షేర్లు లెక్కపెట్టి ఉంటాయి, అడిగేవాళ్లు ఎక్కువైతే లిస్టింగ్ రోజున రేటు ఎగరొచ్చు. కొత్త ఫండ్ పది రూపాయలంటే అట్టాంటిదే అనుకుంటారు. మామూలు ఓపెన్ ఎండెడ్ ఫండ్‌లో యూనిట్లకు లెక్క లేదు. లక్షమంది వస్తే లక్షమందికీ కొత్త యూనిట్లు పుడతాయి. పైన చెల్లి కథలో చూశాం, డబ్బు వస్తే యూనిట్లూ పెరుగుతాయి, రేటు కదలదు. కొత్త ఫండ్ వసూలు ముగిసిన రోజున దాని దగ్గర ఉన్నది మనం ఇచ్చిన నగదే. పది రూపాయల యూనిట్ వెనక పది రూపాయల నగదు. అందులో చవక ఎక్కడుంది?

మరి ఎన్ఏవీ తక్కువ ఎందుకు ఉంటుంది? ఒకటి, ఫండ్ వయసు తక్కువ కావచ్చు, నిన్నగాక మొన్న పుట్టి ఉంటుంది. రెండోది, లోపలిది పంచిపెట్టి ఉండొచ్చు. దీన్ని ముందు డివిడెండ్ ఆప్షన్ అనేవారు. ఆ పేరు విని జనం అదేదో పైన వచ్చే లాభం అనుకుంటున్నారని సెబీ 2021 ఏప్రిల్ నుంచి పేరు మార్పించింది. ఇప్పుడు స్క్రీన్ మీద IDCW అని కనిపిస్తుంది. దాని అర్థంలోనే "పెట్టుబడి వెనక్కి తీసుకోవడం" అన్న మాట ఉంది. ఎన్ఏవీ 50 ఉన్న ఫండ్ యూనిట్‌కి 5 పంచితే ఆ లెక్క పడిన రోజు ఎన్ఏవీ 45 అవుతుంది. మందలో నాలుగు మేకలు అమ్మి డబ్బు పంచుకుంటే మంద చిన్నదవుతుంది కదా, అట్టా. తగ్గిన మందను చూసి చవకగా ఉందని ఎవరైనా కొంటే, చవకగా కొన్నట్టు కాదు, చిన్న మందను కొన్నట్టు. పైగా చేతికొచ్చిన ఆ ఐదు రూపాయలు మన ఆదాయంలో కలిసి పన్ను లెక్కలోకి వస్తాయి. అందుకే ఒకే ఫండ్‌కి Growth అని రాసిన దాని ఎన్ఏవీ ఎక్కువగా, IDCW అని రాసిన దాని ఎన్ఏవీ తక్కువగా కనిపిస్తుంది. లోపలి షేర్లు మాత్రం అవే.

మూడో కారణం బాధ పెట్టేది. ఫండ్ నష్టపోయి ఉండొచ్చు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది, అక్టోబరుకి 9,000 కిందికి వచ్చింది. ఆ జనవరి సంబరంలో పది రూపాయలతో మొదలైన ఈక్విటీ ఫండ్లలో పెట్టినవాళ్లు పది నెలల్లో తమ యూనిట్ సగానికి దగ్గరగా పడటం చూశారు. పది ఐదు అయిందంటే 50 శాతం పోయింది. ఐదు మళ్లీ పది కావాలంటే 50 శాతం చాలదు, 100 శాతం పెరగాలి. "ఐదు రూపాయలే కదా, ఇంకెక్కడికి పడుతుంది" అనుకోవడానికి వీల్లేదు. ఐదు రెండున్నర కావచ్చు, అప్పుడు మళ్లీ సగం పోయినట్టే.

ఇదంతా ఒప్పుకోని వాళ్లుంటే వాళ్ల ఫోన్‌లోనే సాక్ష్యం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చే సాక్ష్యం ఇదే. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్‌కీ రెండు దారులు పెట్టారు. ఏజెంట్ ద్వారా గానీ బ్యాంకు ద్వారా గానీ కొంటే Regular Plan, మనమే నేరుగా కొంటే Direct Plan. పెట్టె ఒకటే, షేర్లు అవే, మేనేజర్ ఒకడే. రెగ్యులర్‌లో ఏజెంట్ కమీషన్ కూడా ఖర్చులో కలిసి రోజూ కాస్త ఎక్కువ కోత పడుతుంది. పైన చెప్పిన ఏడు రూపాయల లెక్క గుర్తుందిగా, అదే. అందువల్ల ఏళ్లు గడిచేకొద్దీ రెగ్యులర్ ఎన్ఏవీ తక్కువగా, డైరెక్ట్ ఎన్ఏవీ ఎక్కువగా మిగులుతుంది. amfiindia.com లోకి వెళ్లి 2013 కంటే ముందు నుంచి ఉన్న ఏ ఈక్విటీ ఫండ్‌దైనా Growth ఎన్ఏవీలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు బ్యాంకాయన న్యాయం ప్రకారం ఏది చవక? ఎన్ఏవీ తక్కువున్న రెగ్యులర్. నిజానికి మన దగ్గర ఎక్కువ తీసుకునేది అదే. షేర్లు ఏడాదికి 12 శాతం ఇచ్చాయని, డైరెక్ట్‌లో 1 శాతం, రెగ్యులర్‌లో 2 శాతం ఖర్చని అనుకుందాం. చేతికి మిగిలేది సుమారు 11, 10. తమ్ముడి 48,000 పదేళ్లలో డైరెక్ట్‌లో సుమారు 1,36,300 అవుతుంది, రెగ్యులర్‌లో 1,24,500. తేడా 11,800. ఇవి నేను అనుకున్న శాతాలు, ఏ ఏడాదీ ఇంత సాఫీగా నడవదు. కానీ తక్కువ ఎన్ఏవీ వెనక ఎక్కువ ఖర్చు దాగి ఉండొచ్చని ఈ లెక్కలో కనిపిస్తుంది. ఏజెంట్ దగ్గర కొనకూడదని కూడా నేననను. నిజంగా మంచి సలహా ఇచ్చేవాడు, మార్కెట్ పడినప్పుడు ఫోన్ చేసి ఆగమని చెప్పేవాడు ఉంటే ఆ ఒక శాతం ఇవ్వొచ్చు. "పది రూపాయలే" అని చెప్పేవాడికి మాత్రం ఇవ్వక్కర్లేదు.

ఈ పది రూపాయల మాట ఈనాటిది కాదు. 2005 ప్రాంతంలో దేశంలో కొత్త ఫండ్లు వరసగా వచ్చాయి, జనం ఎగబడ్డారు. అప్పట్లో ఒక వీలుండేది. కొత్త ఫండ్‌ని అమ్మడానికి అయిన ఖర్చును, వసూలైన డబ్బులో ఆరు శాతం దాకా, ఆ ఫండ్ మీదే వేసి ఐదేళ్లపాటు కొంచెం కొంచెంగా ఎన్ఏవీలోంచి కోసుకునేవారు. అంటే చవక అని చెప్పి అమ్మిన పది రూపాయల యూనిట్ నెత్తి మీద మొదటిరోజే ఒక బాకీ ఉండేది. ఓపెన్ ఎండెడ్ ఫండ్లకు ఆ పద్ధతిని సెబీ 2006 ఏప్రిల్‌లో ఆపేసింది. తర్వాత 2009 ఆగస్టు 1 నుంచి, కొనేటప్పుడే ఫండ్లు కోసుకునే ఎంట్రీ లోడ్‌ని కూడా తీసేసింది. నియమాలు మారాయి, అమ్మే మాట మాత్రం మారలేదు.

దానికంటే పాత కథ ఒకటి మన పెద్దవాళ్లలో ఉద్యోగాలు చేసిన వాళ్లకు గుర్తుండొచ్చు. యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వారి యూఎస్-64. 1964లో పది రూపాయల యూనిట్‌తో మొదలైంది. గుమాస్తాలు, టీచర్లు, పింఛన్‌దారులు దాన్ని బ్యాంకు డిపాజిట్ లాగా నమ్మారు. దాని రేటు మనం పైన చేసిన భాగహారంతో వచ్చేది కాదు, సంస్థే నిర్ణయించి ప్రకటించేది. 2001 నాటికి ప్రకటించిన రేటు 14 రూపాయల పైన ఉంది. లోపలున్న షేర్లను భాగిస్తే పది కూడా రాదు. సంగతి పసిగట్టిన పెద్ద కంపెనీలు ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో 14 చొప్పున వేల కోట్లు తీసుకుని బయటపడ్డాయి. 2001 జూలై మొదట్లో సంస్థ అమ్మకాలు, కొనుగోళ్లు రెండూ ఆరు నెలలపాటు ఆపేసింది. తర్వాత నిజం ఎన్ఏవీ బయటపెట్టినప్పుడు అది ఆరు రూపాయల లోపే ఉంది. చిన్నవాళ్లను ఆదుకోవడానికి ప్రభుత్వం పూచీ పడాల్సి వచ్చింది.

మన ఇరవై మంది ఫండ్‌లో గురజాల చెల్లికి తక్కువ రేటుకి యూనిట్లు ఇస్తే పాతవాళ్ల డబ్బు ఆమెకు పోయింది కదా. ఇక్కడ దానికి తిరగలి. వెళ్లేవాళ్లకు ఎక్కువ రేటు కట్టారు, ఉండిపోయినవాళ్ల డబ్బు వాళ్లతో వెళ్లిపోయింది. పద్నాలుగు పెద్ద సంఖ్యా కాదు, చిన్న సంఖ్యా కాదు. అది భాగహారం చేసి తెచ్చిన సంఖ్య కాదు, తప్పు అక్కడుంది. అందుకే ఎన్ఏవీ చూసినప్పుడు నేను దాని సైజు పట్టించుకోను. వెనక ఏముంది, లెక్క నిజమా, ఖర్చు ఎంత అన్నదే అడుగుతాను.

ఒక్క చోట మాత్రం తక్కువ ఎన్ఏవీకి అర్థం ఉంటుంది. అదే ఫండ్, అదే ఆప్షన్, పంచిందేమీ లేదు, మార్కెట్ పడినందువల్ల పోయిన నెల 800 ఉన్నది ఈ నెల 700 అయితే, లోపలి షేర్లు ముందుకంటే తక్కువ ధరకు దొరుకుతున్నట్టే. నిన్నటి క్వింటా రేటుని ఇవాళ్టి క్వింటా రేటుతో పోల్చినట్టు, కొలత మారలేదు కాబట్టి ఆ పోలికకు అర్థముంది. అప్పుడు కూడా ఆ షేర్లు నిజంగా చవకా, లేక ఆ కంపెనీల పనే బాగాలేదా అన్నది ఎన్ఏవీ చెప్పదు. ఇద్దరు వేరువేరు ఫండ్ల ఎన్ఏవీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పాటి అర్థం కూడా ఉండదు.

"800 ఉన్న ఫండ్‌లో మన 500 పెడితే ఒక్క యూనిట్ కూడా రాదు కదా" అని ఒక చెల్లి అడిగింది. వస్తుంది, ముక్కగా వస్తుంది. 500ని 800తో భాగిస్తే 0.625 యూనిట్. మన ఖాతాలో అట్టాగే రాస్తారు, పెరిగేటప్పుడు ఆ ముక్క కూడా అదే శాతంలో పెరుగుతుంది. మనకు అడ్డం పడేది ఎన్ఏవీ కాదు, ఆ ఫండ్ పెట్టిన కనీస మొత్తం. అది 100 ఉండొచ్చు, 500 ఉండొచ్చు, 5,000 ఉండొచ్చు. అది వేరేగా చూసుకోవాలి.

తమ్ముడు ఆ ఫారం మీద సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా లెక్క వేశాం. అతను నెలనెలా వేస్తున్నాడు కాబట్టి అతని యూనిట్లలో సగం దాకా ఇంకా ఏడాది నిండనివి. అతని ఫండ్‌లో ఏడాదిలోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ ఉంది. 24,000 మీద 240 రూపాయలు అక్కడే పోయేవి. ఏడాది నిండని యూనిట్ల మీద లాభముంటే దానికి 20 శాతం పన్ను లెక్క ఒకటి. కొత్త ఫండ్‌లో మళ్లీ మొదటి నుంచి ఏడాది లెక్క. ఆ ఫారం తీసి చూపించమన్నాను. పైన చిన్న అక్షరాల్లో Regular Plan - Growth అని ఉంది, పక్కన బ్యాంకు కోడ్ ముందే నింపి ఉంది. అతని పాత ఫండ్ తీసి చూస్తే అది Direct Plan. ఫోన్‌లో అతనే సొంతంగా మొదలుపెట్టుకున్నాడు, ఆ సంగతి అతనికే తెలియదు.

కొత్త ఫండ్ ఏయే షేర్లు కొంటుంది, పాతది కొననిది ఇందులో ఏముంది, ఏడాది ఖర్చు ఎంత అని అడగమని చెప్పి పంపాను. సోమవారం వెళ్లి అడిగాడు. "అవన్నీ పుస్తకంలో ఉంటాయి, యూనిట్ మాత్రం పది రూపాయలే" అన్నాడంట. ఫారం ఇంకా వాళ్ల ఇంట్లో ట్రంకు పెట్టె మీదే ఉంది. మీలో ఎవరికైనా ఇట్టాంటి ఫారం ఇచ్చి ఉంటే ప్లాన్ పేరున్న చోట ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పేరు, ఫోలియో నంబరు కనపడకుండా చూసుకోండి. కలిసి లెక్క వేద్దాం.